మిక్స్‌లో తేల్చాల్సింది ఏది, మాస్టరింగ్‌కు వదలాల్సింది ఏది? మొదటి రాక్ ఆల్బం ముగిస్తున్న బ్యాండ్‌కు

కర్నూలు, అనంతపురం, కడపల్లో మొదటి ఆల్బం చేస్తున్న బ్యాండ్లు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది: "రికార్డింగ్ అయిపోయింది, బ్యాలెన్స్ కూడా చేసుకున్నాం, అయినా కోరస్‌లో పాడేది సరిగ్గా వినబడట్లేదు, బేస్ గుంయ్‌మంటోంది. ఇవి మాస్టరింగ్‌లో సర్దుకుంటాయా?" సర్దుకోవు. ఎందుకు సర్దుకోవో తెలిస్తే ఏ పని ఎక్కడ చేయాలో కూడా తెలిసిపోతుంది.

మిక్సింగ్‌లో మీ ముందు విడివిడి ట్రాకులుంటాయి. కిక్, స్నేర్, ఓవర్‌హెడ్ మైకులు, బేస్, గిటార్లు, గొంతు, అన్నీ వేరువేరుగా మీ చేతిలో ఉంటాయి. మాస్టరింగ్ చేసే మనిషికి వెళ్ళేది ఎడమ, కుడి కలిసిన ఒక్క ఫైలు. పులుసు కలిపేశాక అందులోంచి ఉప్పొక్కటే తీయలేం కదా, అలాగే ఆ ఫైల్లో గొంతును పెంచాలని ఏ బటన్ తిప్పినా గిటార్లు, డ్రమ్ సెట్ తాళాలు కూడా దాంతోపాటే లేస్తాయి.

కాబట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి. లోపాన్ని ఒక వాయిద్యం పేరుతో చెప్పగలుగుతున్నారా? "స్నేర్ పలచగా ఉంది", "రెండో గిటార్ ఎక్కువైంది" అని చెప్పగలిగితే అది మిక్స్ పని. "పాట మొత్తం మసకగా ఉంది", "మూడో పాట కంటే నాలుగోది చిన్నగా వినిపిస్తోంది" అనాల్సి వస్తే అది మాస్టరింగ్ పని.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. 8 పాటల ఆల్బం. స్లాబ్ ఇంట్లో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గది, కింద కడప బండలు. మూడో పాటలో మూడు ఇబ్బందులున్నాయి: కోరస్ రాగానే గొంతు మునిగిపోతోంది, బేస్‌లో కొన్ని నోట్లు మాత్రం మోగిపోతున్నాయి, ఫోన్లో వింటే కిక్ అసలు లేదు.

కావలసినవి

- ట్రాకులన్నీ ఉన్న అసలు సెషన్. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఫర్వాలేదు. రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు.
- ఒక జత స్పీకర్లు, ఒక మంచి హెడ్‌ఫోన్, ఒక మామూలు ఫోన్, వీలైతే ఒక కారు.
- లౌడ్‌నెస్ మీటర్. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్ చాలు. అందులో `LUFS` అనే కొలతలో పాట మొత్తానికి వచ్చే అంకె మనకు కావాలి. బ్యాండ్లలో దాన్ని లఫ్స్ అంటారు, ఇక్కడా అలాగే అంటాం.
- మీ తరహా రాక్ పాటలు రెండు, పోల్చుకోవడానికి. యూట్యూబ్ నుంచి దించినవి వద్దు, నాణ్యత తగ్గని ఫైళ్ళు సంపాదించండి.
- నోటు పుస్తకం.

1. మిక్స్‌ను అనుమానించే ముందు గదిని అనుమానించండి

ఈ పని చేయకుండా బేస్ మీద చేయి వేస్తే, గదిలో ఉన్న లోపాన్ని పాటలోకి ఎక్కించినట్టే.

ఎదురెదురు గోడల మధ్య దూరం 12 అడుగులైతే సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఆ గోడల మధ్య చిక్కుకుని మోగుతుంది. 10 అడుగులైతే 57 దగ్గర. మన గదిలో వెడల్పూ ఎత్తూ రెండూ 10 కాబట్టి 57 దగ్గర మోత రెట్టింపవుతుంది. బేస్ గిటార్ మీద ఇవేమిటంటే, ఇ తీగ రెండో ఫ్రెట్ 46 హెర్ట్జ్, ఎ తీగ వట్టిగా మీటితే 55. అంటే పాటలో రోజూ వాయించే నోట్లే.

పైగా ఈ మోత గదంతా ఒకేలా ఉండదు. గోడ దగ్గర కూర్చుంటే ఆ నోట్లు ఉబ్బిపోతాయి, సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే మాయమవుతాయి. మధ్యలో కూర్చున్నవాళ్ళు బేస్ చాలలేదనుకుని పెంచుతారు. అదే పాట కారులో వేస్తే డోర్లు అదురుతాయి.

పరీక్ష ఇలా చేయండి. బేస్ గిటార్‌ను ఇ తీగ వట్టి నోటు నుంచి ఒక్కో ఫ్రెట్ చొప్పున 12 నోట్లు ఒకే బలంతో వాయించి రికార్డు చేయండి. స్పీకర్లలో విని ఉబ్బిన నోట్లు రాసుకోండి. తర్వాత హెడ్‌ఫోన్లో వినండి. హెడ్‌ఫోన్లో అన్నీ సమంగా ఉంటే తప్పు గదిది, ట్రాకును ముట్టుకోవద్దు. హెడ్‌ఫోన్లో కూడా అదే నోటు ఉబ్బుతుంటే తప్పు గిటార్‌లోనో, ఆంప్ మైకులోనో ఉంది, అది మిక్స్‌లో సరిచేయాలి.

కూర్చునే చోటు మార్చడం ఖర్చులేని మందు. గది పొడవు మీ ముందూ వెనకా ఉండేలా 10 అడుగుల గోడకు ముఖం పెట్టి, ఆ గోడ నుంచి సుమారు నాలుగున్నర అడుగుల దూరంలో తల ఉండేలా కూర్చోండి. గోడలకు బొంతలు కడితే బండలు, గోడల నుంచి వచ్చే చప్పట్లలాంటి ప్రతిధ్వని తగ్గుతుంది, అది మంచిదే. కానీ బొంతలతో బేస్ తగ్గుతుందనుకోవద్దు. 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు, దాన్ని రెండంగుళాల బొంత ఆపలేదు. మూలల్లో మందపాటి దూది పరుపులు నిలబెడితే కొంత మేలు. మిగతాది హెడ్‌ఫోన్లో సరిచూసుకోవాల్సిందే.

ఎండాకాలం ఫ్యాన్ ఆపి మిక్స్ చేయడం కష్టమే. కానీ ఫ్యాన్ హోరులో రివెర్బ్ తోకలు వినబడవు, తెలియకుండానే రివెర్బ్ పెంచేస్తారు. కనీసం రివెర్బ్ తేల్చే పదిహేను నిమిషాలైనా ఫ్యాన్ ఆపండి.

2. లోపాల పట్టీ రాసి రెండుగా విడదీయండి

పాటను ఒకసారి ఆపకుండా వినండి. చేయి మౌస్ మీద ఉండకూడదు. తోచినవన్నీ రాయండి, పక్కన 'మిక్స్' లేదా 'మాస్టర్' అని గుర్తు పెట్టండి. మన మూడో పాటకు పట్టీ ఇలా వస్తుంది: కోరస్ గొంతు, మిక్స్. మోగుతున్న బేస్ నోట్లు, గది పరీక్ష తర్వాత మిక్స్. ఫోన్లో కిక్ లేకపోవడం, మిక్స్. మిగతా పాటల కంటే కాస్త పదునుగా ఉండటం, మాస్టర్.

మాస్టర్ అని గుర్తు పెట్టినవాటిని ఇక ముట్టుకోవద్దు. చాలా బ్యాండ్లు ఇక్కడే మాస్టర్ ట్రాక్ మీద ఈక్యూ, శిఖరాలను నొక్కేసే లిమిటర్ పెట్టి పాటను పెద్దది చేసుకుంటాయి. శబ్దం పెరిగితే ఏ పాటైనా బాగున్నట్టే అనిపిస్తుంది. గొంతు ఇంకా మునిగే ఉందన్న సంగతి ఆ హోరులో తెలియదు.

3. కోరస్‌లో గొంతును బయటికి తేవడం

ఇది మాస్టరింగ్‌లో ఎందుకు కాదో ముందు చూడండి. మాట స్పష్టంగా వినబడేది ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. డిస్టార్షన్ గిటార్ పదును అక్కడే, స్నేర్ చురుకుదనం అక్కడే, తాళాల గరుకుదనం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. మాస్టరింగ్‌లో 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ పెంచితే నాలుగూ కలిసి లేస్తాయి. గొంతు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, చెవి మాత్రం నొస్తుంది. గొంతు మధ్యలో, గిటార్లు పక్కల్లో ఉన్నాయి కాబట్టి మధ్యభాగాన్ని మాత్రమే పెంచే పద్ధతి ఒకటుంది. కానీ మధ్యలో కిక్, స్నేర్, బేస్ కూడా ఉన్నాయి, అవీ లేస్తాయి. అర డెసిబెల్ సర్దుబాటుకు అది పనికొస్తుంది, అంతకు మించి ఆశించొద్దు.

మిక్స్‌లో ఈ వరసలో చేయండి.

మొదట గొంతును పెంచకండి, కోరస్ వరకు రెండు గిటార్లనూ 1 డెసిబెల్ దించండి. సగం సమస్య ఇక్కడే తీరొచ్చు. గిటార్లు ఎడమకొకటి, కుడికొకటి పూర్తిగా జరిపి ఉన్నాయో లేదో చూడండి. ఒకే టేక్‌ను కాపీ చేసి రెండు పక్కలా పెడితే అది మధ్యలోనే వినబడుతుంది, గొంతు చోటు ఆక్రమిస్తుంది. రెండో పక్కకు మళ్ళీ వాయించి రికార్డు చేయాల్సిందే, అడ్డదారి లేదు.

తర్వాత గిటార్ల మీద 2.5 నుంచి 3 కిలోహెర్ట్జ్ దగ్గర వెడల్పుగా 2 డెసిబెల్స్ తగ్గించండి. గిటార్‌ను ఒంటరిగా వింటే డల్ అయినట్టు ఉంటుంది, భయపడొద్దు. అన్నీ కలిపి విన్నప్పుడు ఎలా ఉందన్నదే లెక్క.

ఇప్పుడు గొంతు మీద కంప్రెసర్. 4:1 నిష్పత్తి, గట్టిగా పాడిన చోట 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేలా పెట్టండి. ఆపైన చేత్తో చేయాల్సిన పని ఒకటి మిగులుతుంది, దాన్ని ఎగ్గొట్టొద్దు. తెలుగు చరణంలో క్రియ తరచుగా వాక్యం చివర వస్తుంది, గాయకుడి ఊపిరి కూడా అక్కడికే అయిపోతుంది. అందుకే అర్థం తేలే మాటే గిటార్ల కింద మునుగుతుంది. ఆటోమేషన్‌లో పాదం చివరి అక్షరాలను 1 నుంచి 2 డెసిబెల్స్ ఎత్తండి. ఒక కోరస్‌కు పది నిమిషాల పని.

పరీక్ష: శబ్దం బాగా తగ్గించి, తలుపు తెరిచి పక్క గదిలోకి వెళ్ళండి. పాట ఎప్పుడూ వినని ఇంట్లోవాళ్ళను కోరస్ మాటలు చెప్పమనండి. బ్యాండ్ వాళ్ళకు సాహిత్యం కంఠతా వచ్చు కాబట్టి మునిగిన మాట కూడా వినబడినట్టే ఉంటుంది. వాళ్ళ తీర్పు పనికిరాదు.

4. బేస్, కిక్

రెండూ అట్టడుగునే ఉండాలని పట్టుబడితే రెండూ వినబడవు. అడుగున ఎవరుండాలో తేల్చుకోండి. మన పాటలో కిక్‌కు 60 హెర్ట్జ్ వదిలేసి, బేస్ గిటార్‌ను అక్కడ 2, 3 డెసిబెల్స్ తగ్గించి, దాని బరువును 90, 100 దగ్గర నిలుపుతాం. గిటార్లకు 80 నుంచి 100 హెర్ట్జ్ కింద కోత పెట్టండి, అక్కడ వాటికి పనిలేదు.

ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగదు. 60 హెర్ట్జ్ ఎంత పెంచినా ఫోన్లో కిక్ రాదు, కారులో మాత్రం గోల అవుతుంది. ఫోన్లో వినబడేది కిక్ పెడల్ తగిలే టక్కుమనే దెబ్బ. దాన్ని 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పెంచండి. బేస్ గిటార్‌కు కూడా కాస్త డిస్టార్షన్ కలిపితే పై స్వరాలు పుట్టి, ఫోన్లో నోటు తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. ఈక్యూ ఎంత పెంచినా కిక్, స్నేర్ పలచగానే ఉంటే ఫేజ్ చూడండి, అంటే రెండు మైకుల తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయేమో చూడండి. స్నేర్‌కు పైనా కిందా రెండు మైకులు పెట్టి ఉంటే కింది మైకు ట్రాకు మీద పొలారిటీ బటన్ నొక్కి, రెండు రకాలుగా వినండి. ఏది లావుగా వినిపిస్తే అది ఉంచండి. బేస్‌ను లైనులోనూ, ఆంప్ మైకుతోనూ తీసి ఉంటే, మైకు ఒక అడుగు దూరంలో ఉన్నందుకు ఆ ట్రాకు సుమారు 0.9 మిల్లీసెకను వెనకబడుతుంది. తరంగాలను పెద్దవి చేసి చూసి అంత ముందుకు జరపండి. కలిసిపోయిన ఫైల్లో ఈ తప్పును మాస్టరింగ్ ఇంజినీరు విప్పలేడు.

చివర్లో మొత్తం పాటను మోనోలో వినండి. గిటార్లు కాస్త తగ్గడం మామూలే. ఏదైనా పూర్తిగా మాయమైతే ఫేజ్ తప్పు ఇంకా మిగిలి ఉంది.

5. పోల్చేటప్పుడు శబ్దం సమం చేయండి

పోలిక పాట −9 లఫ్స్, మీ మిక్స్ −18 అనుకోండి. అలాగే వింటే మీది ఎప్పుడూ ఓడిపోతుంది. పోలిక పాటను 9 డెసిబెల్స్ దించి వినండి. అప్పుడు గొంతు ఎంత ముందుంది, స్నేర్ ఎంత ఉంది అన్నవి న్యాయంగా తెలుస్తాయి. పెద్దగా లేదన్న బెంగ ఇక్కడ పెట్టుకోవద్దు, అది మాస్టరింగ్ తీర్చే బెంగ.

6. ఫైలు తీయడం, పంపడం

మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్ ఉంటే ఆపేయండి. లిమిటర్ నొక్కేసిన స్నేర్ దెబ్బను తర్వాత ఎవరూ తిరిగి లేపలేరు. 2:1 కంప్రెసర్ ఒకటి మొదటి నుంచీ పెట్టుకుని, 1, 2 డెసిబెల్స్ మాత్రమే తగ్గేలా మిక్స్ చేసి ఉంటే దాన్ని ఉంచండి, తీసేస్తే బ్యాలెన్స్ మారిపోతుంది.

24 బిట్ వేవ్ ఫైలు తీయండి. సెషన్ 48 కిలోహెర్ట్జ్‌లో ఉంటే ఫైలు కూడా 48లోనే, 44.1లో ఉంటే 44.1లోనే. అత్యధిక శిఖరం −6, −3 డెసిబెల్స్ మధ్య ఉంటే చాలు. సున్నాకు తగలకపోవడమే ముఖ్యం. ముందు ఒక సెకను ఖాళీ, చివర తాళం మోత పూర్తిగా ఆరేదాకా వదలండి. మొదటి స్టిక్ దెబ్బ తెగిపోవడం, చివరి మోత మధ్యలో ఆగిపోవడం, ఈ రెండు తప్పులు చాలా ఫైళ్ళలో కనిపిస్తాయి. ఫేడ్ కావాలంటే మీరు చేయకుండా ఎన్ని సెకన్లో రాసి ఇవ్వండి.

ప్రతి పాటకు రెండు ఫైళ్ళు ఇవ్వండి: అసలు మిక్స్ ఒకటి, గొంతును 1 డెసిబెల్ పెంచింది ఒకటి. లిమిటర్ నొక్కితే గొంతు, డ్రమ్స్ మధ్య బ్యాలెన్స్ కొంచెం మారుతుంది కాబట్టి రెండోది తరచుగా పనికొస్తుంది. పేర్లు ఇలా పెట్టండి:

```
03_PataPeru_MIX4_48k24.wav
03_PataPeru_MIX4_VOXUP_48k24.wav
```

"ఫైనల్", "ఫైనల్ కొత్తది" అని పేర్లు పెడితే తప్పు ఫైలే ఆల్బంలోకి వెళ్తుంది.

నాలుగు నిమిషాల పాట సుమారు 69 ఎంబీ వస్తుంది. అందులో సగం కంటే తక్కువ వస్తే సెట్టింగు ఎక్కడో తప్పింది. వాట్సాప్‌లో ఆడియోగా పంపకండి, డ్రైవ్ లింకు ఇవ్వండి. పంపే ముందు ప్రతి ఫైలునూ హెడ్‌ఫోన్లో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వినండి. ఎగుమతిలో ఒక ప్లగిన్ తడబడి వచ్చే చిటుకు తెర మీద కనబడదు.

డబ్బు కుదరక మీరే మాస్టర్ చేసుకోవాలంటే, కనీసం వారం ఆగండి. మిక్స్ సెషన్‌లో చేయకుండా 8 స్టీరియో ఫైళ్ళనూ కొత్త ప్రాజెక్టులో వరసగా పెట్టి చేయండి. ట్రాకులు ముందుంటే చేయి ఆగదు, మళ్ళీ మిక్స్ మొదలవుతుంది.

7. మాస్టరింగ్ నిజంగా చేసేది

8 పాటలనూ పక్కపక్కన పెట్టి వినడంతో అసలు పని మొదలవుతుంది. మన మూడో పాట పదును ఇక్కడ తగ్గుతుంది, అదీ 1 డెసిబెల్ అటూ ఇటూ. ఈక్యూలో 3 డెసిబెల్స్ దాటాల్సి వస్తోందంటే ఆ పాట మిక్స్‌కు వెనక్కి పోవాలి. ఒక మినహాయింపు ఉంది: 8 పాటల్లోనూ లో ఎండ్ ఒకేలా ఎక్కువైతే కారణం మీ గదే, దాన్ని అన్నింటికీ ఒకేలా తగ్గించి చాలావరకు సర్దొచ్చు.

శబ్దాన్ని అంకె చూసి సమం చేయించకండి. గట్టి పాట −9.5 లఫ్స్, గిటార్ ఒక్కటే ఉన్న నెమ్మది పాట కూడా −9.5 అయితే నెమ్మది పాటలో గాయకుడు చెవిలో అరిచినట్టుంటుంది. గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో చూసి సరిపోల్చాలి. నెమ్మది పాట −12.5 దగ్గర ఆగినా ఫర్వాలేదు. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటను −14 లఫ్స్ లెక్కకు దించుతుంది, ఆల్బంగా వింటే మాత్రం పాటల మధ్య తేడాను అలాగే ఉంచుతుంది. కాబట్టి −7కు నొక్కించుకుంటే వినేవాడి దగ్గరకు చేరేసరికి ఆ 7 డెసిబెల్స్ పోతాయి, నలిగిపోయిన స్నేర్ మాత్రం మిగులుతుంది. ట్రూ పీక్, అంటే తరంగం నిజంగా చేరే అత్యధిక శిఖరం, −1 డెసిబెల్ దాటకూడదు. దాటితే ఎంపీ3గా మారినప్పుడు పగులు వినబడే ప్రమాదముంది.

పాటల మధ్య ఖాళీలు, ఫేడ్‌లు, సీడీ వేస్తే 16 బిట్ 44.1 ఫైళ్ళు, పాటను గుర్తించడానికి పాటకొకటి ఉండే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్, ఇవన్నీ కూడా ఈ దశలోనే.

8. మాస్టర్ తిరిగొచ్చాక

మాస్టర్ −9.5, మీ మిక్స్ −18 అయితే మాస్టర్‌ను 8.5 డెసిబెల్స్ దించి, రెండూ మార్చి మార్చి వినండి. సమానమైన శబ్దంలో మాస్టర్ మెరుగ్గా ఉండాలి, కనీసం తగ్గకూడదు. కోరస్‌లో స్నేర్ వెనక్కి పోయిందా, కిక్ పడినప్పుడల్లా గిటార్లు కుంగుతున్నాయా, తాళాలు ఇసుక రాసినట్టున్నాయా చూడండి. ఉంటే లిమిటర్ ఎక్కువైంది, 1 లేదా 2 డెసిబెల్స్ తగ్గించమని అడగండి.

తర్వాత ఆల్బం మొత్తాన్ని వరసగా కారులో వేయండి. అనంతపురంలో మొదలుపెడితే గుత్తి చేరేలోపు 8 పాటలూ అయిపోతాయి. వాల్యూమ్ ఒకసారి పెట్టి ఇక ముట్టుకోవద్దు. ఏ పాట మొదలవగానే చేయి వాల్యూమ్ వైపు పోయిందో పక్కనున్నవాళ్ళు రాసుకోవాలి. అది మాస్టరింగ్‌కు చెప్పాల్సిన సంగతి.

"కోరస్‌లో రెండో గిటార్ ఇంకా ఎక్కువే" అనిపిస్తే మాస్టర్‌ను మార్చమనకండి. సెషన్ తెరిచి ఆ గిటార్‌ను దించి, ఆ ఒక్క పాటనే `MIX5` పేరుతో, అదే బిట్, అదే రేటులో, మిగతావేవీ కదపకుండా పంపండి. అప్పుడు ఇంజినీరు పాత సెట్టింగుల్లోనే కొత్త ఫైలు పెట్టి తీయగలుగుతాడు, మిగిలిన 7 పాటల జోలికి పోనక్కర్లేదు.